మొదటి కోత, చివరి కోత

తణుకులో చాలా ఏళ్లుగా పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తున్న మావయ్య, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మేనకోడలు ఒక ఫైలు దగ్గర పేచీ పడ్డారు. అది ఆమె అన్నయ్య పెళ్లి ఫొటోలతో చేసిన స్లైడ్‌షో. నిడివి 6 నిమిషాల 52 సెకన్లు. మొదటి 5 సెకన్లు స్లైడ్‌షో తయారుచేసిన సాఫ్ట్‌వేర్ లోగో తిరుగుతుంది. చివర ఫొటోగ్రాఫర్‌కి కృతజ్ఞతలు చెప్పే కార్డు, దాని తర్వాత 8 సెకన్లు మళ్లీ అదే లోగో. ఆ రెండు లోగోలూ తీసెయ్యాలి. అంతవరకు ఇద్దరిదీ ఒకటే మాట. ఎలా తియ్యాలన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

మావయ్య: కత్తెర పట్టుకునే ముందు ఒక సంగతి చెప్పు. ఆ లోగో తీసే హక్కు మనకుందా? ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ చాలావాటికి ఆ లోగోయే ధర. డబ్బు కట్టకుండా దాన్ని కోసేస్తే, సరుకు తెచ్చుకుని లెక్క ఎగ్గొట్టినట్టే.

మేనకోడలు: ఆ మాట నేనూ అడిగాను మావయ్యా. వదిన చెల్లెలు ఈ వీడియో ట్రయల్‌లో ఉండగా చేసింది. తర్వాత డబ్బు కట్టి లైసెన్సు కొంది. కొన్నవాళ్లు లోగో లేకుండా వాడుకోవచ్చని సాఫ్ట్‌వేర్ వాళ్ల షరతుల్లోనే ఉంది. కాబట్టి ఆ పేచీ లేదు.

మావయ్య: అయితే కోత ఎందుకు? ప్రాజెక్టు తెరిచి, టెంప్లేట్‌లో ఇంట్రో, అవుట్రో ఆపేసి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోతుందిగా. అంతకంటే శుభ్రమైన దారి లేదు. వండిన కూరలోంచి ఉప్పు తీసే పని ఎందుకు పెట్టుకుంటారు?

మేనకోడలు: ప్రాజెక్టు ఫైలు ఉంది. దాన్ని తెరిస్తే ఫొటోల చోట ఖాళీ గళ్లు వస్తున్నాయి. ఆ ఫైలులో ఫొటోలు ఉండవు కదా, అవి ఏ ఫోల్డర్‌లో ఉన్నాయన్న చిరునామాలే ఉంటాయి. లాప్‌టాప్‌లో చోటు చాలక ఆ ఫోల్డర్ తీసేశారు. ఏ ఫొటో ఎక్కడ వాడారో, ఎంత జూమ్ పెట్టారో ఒక్కొక్కటీ వెతికి మళ్లీ కూర్చాలంటే కొత్త వీడియో చేసినంత పని. మన చేతిలో మిగిలింది ఎక్స్‌పోర్ట్ అయిన ఎంపీ4 ఒక్కటే.

మావయ్య: అది అసలు ఎక్స్‌పోర్టేనా, వాట్సాప్‌లో వచ్చినదా?

మేనకోడలు: అసలుదే. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే కుదించేస్తుందని, డాక్యుమెంట్‌గా పంపించమన్నాను. 1080 సైజు, సెకనుకు 30 ఫ్రేములు, హెచ్.264.

మావయ్య: మంచిది. అయితే నా మాట విను. ఫైలుని టైమ్‌లైన్ మీద వెయ్యి, మొదలూ చివరా కొయ్యి, మొత్తం మళ్లీ రెండర్ కొట్టు. ఏడు నిమిషాల వీడియోకి పెద్ద సమయం పట్టదు.

మేనకోడలు: అక్కడే నేను ఒప్పుకోను. లోగో ఉన్నది రెండు కొసల్లో. వాటి కోసం మధ్యలో ఉన్న ఆరున్నర నిమిషాల బొమ్మని విప్పి మళ్లీ కుదించడం దేనికి? కుదించిన ప్రతిసారీ ఎంతో కొంత పోతుంది. పట్టుచీర జరీ మెత్తబడుతుంది, మండపం వెనక చీకట్లో రంగులు మెట్లు మెట్లుగా విడిపోతాయి. ఉన్న డేటాని ఉన్నట్టు కాపీ చేసి, అక్కర్లేని కొసలు వదిలేస్తే ఒక్క పిక్సెల్ కూడా మారదు. కొన్ని క్షణాల్లో పని అయిపోతుంది.

మావయ్య: చివరి కొసకి నువ్వు చెప్పింది సరే. మొదటి కొసకి అది చెల్లదు.

మేనకోడలు: కొస కొసే కదా మావయ్యా? అక్కడ పనిచేసింది ఇక్కడెందుకు పనిచెయ్యదు?

మావయ్య: కొట్లో ఖాతా పుస్తకం చూశావుగా. పేజీ మొదట్లో ముందు నిల్వ రాస్తారు. కింద వచ్చినవీ పోయినవీ రాసుకుంటూ వెళ్తారు. ఆఖరి పేజీలు చించినా ముందు పేజీల లెక్క చెడదు. మొదటి పేజీలు చించి, పేజీ మధ్య నుంచి చదవడం మొదలుపెడితే నిల్వ ఎంతో తెలీదు, కింద రాసిన ఏ అంకెకీ అర్థం ఉండదు. వీడియో కూడా అంతే. ఎక్కడో ఒక చోట పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు. తర్వాతి ఫ్రేముల్లో, ముందు బొమ్మకీ దీనికీ తేడా ఏమిటన్నదే ఉంటుంది. వీడియో ఎప్పుడూ కీఫ్రేమ్ దగ్గరే మొదలవ్వాలి. నీ కోత పడే చోట కీఫ్రేమ్ ఉందో లేదో చూశావా?

మేనకోడలు: చూద్దాం. అవిడెమక్స్‌లో తెరుస్తాను. కుడి బాణం నొక్కితే ఒక్కో ఫ్రేము జరుగుతుంది, పై బాణం నొక్కితే నేరుగా తర్వాతి కీఫ్రేమ్‌కి దూకుతుంది. ఫ్రేము ఏ రకమో కింద అక్షరాల్లో చూపిస్తుంది. మొదటి కీఫ్రేమ్ సున్నా దగ్గర. పై బాణం నొక్కుతున్నాను... రెండోది 8.333 సెకన్ల దగ్గర.

మావయ్య: 250వ ఫ్రేము. ఎక్స్264 ఎన్‌కోడర్‌కి వేరే ఏమీ చెప్పకపోతే, 250 ఫ్రేములు దాటకుండా ఒక కీఫ్రేమ్ పెడుతుంది. సీను ఠక్కున మారితే అంతకంటే ముందే పెడుతుంది. ఇక్కడ ముందే పెట్టలేదంటే లోగో ఠక్కున మారలేదన్నమాట. ఇప్పుడు లోగో పోయే చోటికి వెళ్లి ఒక్కో ఫ్రేమూ జరుపు.

మేనకోడలు: 4 సెకన్ల దగ్గర లోగో వెలిసిపోవడం మొదలైంది. దాని కిందనుంచి మొదటి ఫొటో వస్తోంది, బాసికం కట్టిన వదిన ముఖం. రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. 4.7 దగ్గర లోగో పోయినట్టే ఉంది.

మావయ్య: ముఖం మీద చూడకు, జడ మీద చూడు. తెల్లటి లోగో చాయ తెల్లటి చోట ముందే కనబడకుండా పోతుంది, నల్లటి చోట ఆఖరి దాకా ఉంటుంది.

మేనకోడలు: నిజమే! జుట్టు మీద ఇంకా లేత గీతలున్నాయి. 4.8... 4.9... 5 సెకన్ల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా పోయింది. 150వ ఫ్రేము.

మావయ్య: కాబట్టి కోత పడాల్సింది 5 దగ్గర. కీఫ్రేములున్నవి సున్నా దగ్గరా, 8.333 దగ్గరా. ఆ ఫొటో తెర మీద ఉండేది 9 సెకన్ల వరకే. 8.333 దగ్గర కోస్తే పెళ్లికూతురి మొదటి ఫొటో ఇలా కనబడి అలా మాయమవుతుంది.

మేనకోడలు: నేను నిన్న రాత్రే 5 దగ్గర కోసి చూశాను. లాప్‌టాప్‌లో చక్కగా 5 నుంచే మొదలైంది. కాపీ కోత పనిచేసిందనే అనుకున్నాను.

మావయ్య: పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో చూశావా?

మేనకోడలు: చూశాను. టీవీలో మళ్లీ లోగో వచ్చింది. పొరపాటున పాత ఫైలు ఎక్కించానేమో అనుకున్నాను.

మావయ్య: ఎక్కించింది కొత్తదే. నువ్వు 5 దగ్గర మొదలుపెట్టమన్నావు, అక్కడ పూర్తి బొమ్మ లేదు. అందుకని ప్రోగ్రాము సున్నా దగ్గరి కీఫ్రేమ్ నుంచే డేటా మొత్తం కాపీ చేసి, మొదటి 5 సెకన్లు చూపించొద్దని ఫైలులో ఒక సూచన రాసి పెట్టింది. ఎడిట్ లిస్ట్ అంటారు దాన్ని. లాప్‌టాప్ ప్లేయర్ ఆ సూచన పాటించింది, టీవీ పాటించలేదు. లోగో ఎక్కడికీ పోలేదు తల్లీ, ఫైలులోనే దాక్కుంది. కొన్ని ప్లేయర్లలో ఇంకో రకంగా బయటపడుతుంది. పాట వినిపిస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం తర్వాతి కీఫ్రేమ్ వచ్చేదాకా నల్లగానో, కదలకుండానో ఉంటుంది. ఈ రెంటిలో ఏది కనిపించినా కోత కీఫ్రేమ్ మీద పడలేదని అర్థం.

మేనకోడలు: అయినా మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యడానికి నేను ఒప్పుకోను. మధ్యే మార్గం ఉంది. 5 నుంచి 8.333 వరకు ఉన్న మూడు సెకన్ల పైచిలుకు ముక్క ఒక్కటీ కొత్తగా ఎన్‌కోడ్ చేసి, అక్కడి నుంచి మిగతాదంతా కాపీ చేసి అతికిస్తే చాలు. స్మార్ట్ కట్ అంటే అదే. లాస్‌లెస్‌కట్ లాంటి ప్రోగ్రాముల్లో ఆ సదుపాయం ఉంది.

మావయ్య: ఆ ప్రోగ్రాములోనే దాన్ని ఇంకా ప్రయోగదశలో ఉన్న సదుపాయమని రాశారు. ఎందుకో ఆలోచించు. ఫైలు మొదట్లో బొమ్మని ఎలా విప్పాలో చెప్పే వివరాలు కొన్ని ఉంటాయి. నీ కొత్త ముక్క వివరాలు వేరు, పాత ఎన్‌కోడర్ వివరాలు వేరు. ఎంపీ4లో అతికించేటప్పుడు మామూలుగా మొదటి ముక్క వివరాలే మొత్తానికి నిలుస్తాయి. సైజు, ఫ్రేముల వేగం ఒకటే అయినా, లోపలి అమరికలు కాస్త తేడాగా ఉంటే అతుకు దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఒక ప్లేయర్‌లో బాగుంటుంది, ఇంకో దాంట్లో చెడుతుంది. రెండు గంటల పెళ్లి వీడియో అయితే ఆ తిప్పలు పడి సరిచూసుకోవచ్చు. ఏడు నిమిషాల స్లైడ్‌షోకి అంత అవసరమా?

మేనకోడలు: సరే, మొదటి కొసకి మీ వాదన ఒప్పుకుంటాను. కానీ అన్ని వీడియోలకీ ఇదే సూత్రం అనొద్దు. లోగో కరగకుండా ఠక్కున పోయి మొదటి ఫొటో వస్తే, అక్కడ ఎన్‌కోడర్ మామూలుగా కీఫ్రేమ్ పెట్టేస్తుందని మీరే అన్నారు. అప్పుడు నా కాపీ కోతే సరైనది. సెకనుకో కీఫ్రేమ్ పెట్టే ఫోన్ ఎక్స్‌పోర్ట్‌లు కూడా ఉంటాయి, అలాంటప్పుడు పోయేది మహా అయితే సెకను లోపు. ముందు చూడాలి, తర్వాత నిర్ణయించాలి. చూడకుండా అంతా రెండర్ కొట్టడం నాకు నచ్చదు.

మావయ్య: అది న్యాయమైన మాటే. మా యూనిట్‌లో అలవాటు కొద్దీ అన్నీ టైమ్‌లైన్ మీద వేసేస్తాం, కీఫ్రేమ్ కోసం వెతకం. ఠక్కున మారే లోగోకి నీ పద్ధతే మేలు. ఇక చివర ఎక్కడ కోద్దామనుకుంటున్నావు?

మేనకోడలు: 6:40 దగ్గర. ఆఖరి ఫొటో, అప్పగింతలది, అక్కడితో అయిపోతుంది.

మావయ్య: అక్కడ మాత్రం వద్దు. 6:40 నుంచి 6:44 వరకు ఉన్నది సాఫ్ట్‌వేర్ వాళ్ల లోగో కాదు, ఫొటోలు తీసినవాడి పేరు. రాత్రంతా మండపంలో నిలబడి తీసినవాడికి మనం చెప్పుకున్న కృతజ్ఞత అది. అవుట్రో అనగానే అంతా ఒక్కటే అనుకుని తుడిచెయ్యకూడదు. కొయ్యాల్సింది 6:44 దగ్గర.

మేనకోడలు: అవును, అది ఉండాల్సిందే. అయితే 404వ సెకను. ఇక్కడ కీఫ్రేమ్ బెడద లేదు కాబట్టి కాపీ చేసుకోవచ్చు. ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా, కార్డు నల్లటి నేపథ్యం మీదే ఆగుతుంది కాబట్టి తెలీదు. లోగో తొంగిచూస్తే కోత ఇంకో రెండు మూడు ఫ్రేముల ముందే పడేలా జరిపితే చాలు.

మావయ్య: బొమ్మ సరే, పాట సంగతేమిటి? లోగో కింద కూడా నాదస్వరం మోగుతూనే ఉంది, 6:52 దాకా. 6:44 దగ్గర కోస్తే స్వరం మధ్యలో తెగుతుంది. ఊపిరి తీసుకోకముందే సన్నాయి ఆగిపోయినట్టు ఉంటుంది. ఇంట్లో ఎవరికీ కోత ఎక్కడ పడిందో కనబడదు, కానీ అందరికీ వినబడుతుంది.

మేనకోడలు: దానికి బొమ్మని ముట్టుకోనక్కర్లేదు. బొమ్మని కాపీ చేసి, శబ్దాన్ని మాత్రం చివరి 3 సెకన్లలో తగ్గించి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే చాలు. చివరి లోగో ఒక్కటే తియ్యాల్సిన వాళ్లకి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఒక్క వరుస సరిపోతుంది.

```
ffmpeg -i pelli.mp4 -t 404 -c:v copy -af "afade=t=out:st=401:d=3" -c:a aac -b:a 192k chivara.mp4
```

మావయ్య: మొదట్లో కూడా పాట లోగో కిందనుంచే మొదలైంది కదా. 5 సెకన్ల పాట పోతుంది. దాన్ని ఉంచి, బొమ్మ ఒక్కటే కోసి, పాటని మొదటి నుంచి వినిపిద్దామా అనుకున్నాను.

మేనకోడలు: అలా చేస్తే పాట మొత్తం 5 సెకన్లు పక్కకి జరుగుతుంది మావయ్యా. టెంప్లేట్‌లో ఫొటోలు డోలు దెబ్బకి మారేలా కూర్చారు. తలంబ్రాల దగ్గర చూడండి, దెబ్బ పడగానే ఫొటో మారుతోంది. పాట జరిగితే ఆ లయంతా తప్పుతుంది. బొమ్మనీ శబ్దాన్నీ ఒకే చోట కోసి, మొదటి అర సెకనులో శబ్దాన్ని మెల్లగా పెంచితే తెగిన చప్పుడు రాదు. బొమ్మని కూడా అదే అర సెకనులో నలుపు నుంచి తెద్దాం.

మావయ్య: బాగుంది. మొదట్లో ఎలాగూ ఎన్‌కోడ్ తప్పదని తేలింది కాబట్టి, ఈ ఫైలుకి మొదలూ చివరా ఒకే విడతలో చేసెయ్. ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రెండర్ కొడితే నువ్వు భయపడ్డ నష్టం రెండింతలవుతుంది. నాణ్యత విషయంలో మాత్రం పిసినారితనం వద్దు.

మేనకోడలు: సీఆర్‌ఎఫ్ 18 పెడతాను. ఆ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. ఎక్స్264లో ఏమీ చెప్పకపోతే 23 ఉంటుంది. 18 దగ్గర మామూలు కంటికి తేడా పట్టుకోవడం కష్టం. ఫైలు అసలు దానికన్నా పెద్దదైనా కంగారు పడక్కర్లేదు. 404లోంచి 5 తీస్తే మిగిలేది 399 సెకన్లు, చివరి 2 సెకన్లలో బొమ్మా పాటా రెండూ తగ్గిపోతాయి.

```
ffmpeg -ss 5 -i pelli.mp4 -t 399 \
 -vf "fade=t=in:st=0:d=0.5,fade=t=out:st=397:d=2" \
 -af "afade=t=in:st=0:d=0.5,afade=t=out:st=397:d=2" \
 -c:v libx264 -crf 18 -preset slow -pix_fmt yuv420p \
 -c:a aac -b:a 192k -movflags +faststart pelli_kotta.mp4
```

మావయ్య: మళ్లీ ఎన్‌కోడ్ చేస్తున్నప్పుడు 5 అంటే సరిగ్గా 5 దగ్గరే మొదలవుతుందా?

మేనకోడలు: అవుతుంది. వెనక ఉన్న కీఫ్రేమ్ నుంచి విప్పుకుంటూ వచ్చి, 5 కంటే ముందున్న ఫ్రేములు పారేసి, 5 దగ్గరి బొమ్మని కొత్త కీఫ్రేమ్‌గా రాస్తుంది. ఇప్పుడు లోగో ఫైలులో ఎక్కడా ఉండదు, దాక్కోవడానికి చోటే లేదు.

మావయ్య: పూర్తయ్యాక పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఒకే ఫ్రేము చూడు. జరీ అంచూ, మండపం వెనక చీకటీ, ఫొటో నెమ్మదిగా జూమ్ అయ్యే చోటూ చూడు. నష్టం ఉంటే ముందు అక్కడే కనిపిస్తుంది. కనిపిస్తే 16కి దించి మళ్లీ అసలు ఫైలు నుంచే చెయ్. కొత్త ఫైలు మీద ఇంకో రెండర్ కొట్టకు.

మేనకోడలు: చూశాను మావయ్యా. జరీ అలాగే ఉంది. చీకట్లో మెట్లు కొత్తగా ఏమీ రాలేదు, అసలు ఫైలులో ఉన్నవే ఉన్నాయి. ఒక్కసారి ఎన్‌కోడ్ చేస్తేనే బొమ్మ పాడవుతుందన్న నా భయం, ఈ నాణ్యత దగ్గర, ఈ వీడియోకి నిలబడలేదు.

మావయ్య: చివరి కొసకి రెండర్ అక్కర్లేదన్న నీ మాట మాత్రం నిలబడింది. రేపటి నుంచి మా యూనిట్‌లో కూడా ముందు కీఫ్రేమ్ చూశాకే రెండర్ మీట నొక్కుతాం.

ఇద్దరి వాదనలోంచీ తేలిన తీర్పు ఇది. ప్రాజెక్టూ ఫొటోలూ పదిలంగా ఉంటే, లోగో లేకుండా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసుకోవడమే అన్నిటికన్నా మంచిది. అవి లేకపోతే చివరి లోగోని బొమ్మ ముట్టుకోకుండానే కోయొచ్చు, పాటకి మాత్రం తగ్గింపు పెట్టాలి. మొదటి లోగో ఠక్కున పోయి అక్కడే కీఫ్రేమ్ ఉంటే కాపీ కోత చాలు. కరిగి పోతే ఎన్‌కోడ్ తప్పదు, అది ఒక్కసారే, మంచి నాణ్యతతో, అసలు ఫైలు నుంచే జరగాలి. కొత్త ఫైలుని టీవీలో మొదటి నుంచి చివరిదాకా చూసేవరకు పాత ఫైలుని తీసెయ్యకండి. స్లైడ్‌షో కూర్చేటప్పుడే ఫొటోలూ, పాటా, ప్రాజెక్టు ఫైలూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ని మొత్తంగా ఇంకోచోట దాచుకోండి.